ఒమేగా 1.939 ఎందుకు? పాయిసాన్ సమీకరణానికి ఓవర్ రిలాక్సేషన్ ఇచ్చే వేగం

ఒక చదరపు పలక ఉందనుకుందాం. నాలుగు అంచుల్లో ఉష్ణోగ్రత ఎంతో తెలుసు. లోపల ఎక్కడ ఎంత వేడి పుడుతోందో కూడా తెలుసు. ఇక లోపలి ప్రతి చోటా ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో కనుక్కోవాలి. ఈ ప్రశ్నకు గణిత రూపమే పాయిసాన్ సమీకరణం, −∇²u = f. ఇందులో u మనం వెతికే ఉష్ణోగ్రత, f లోపల పుట్టే వేడి. విద్యుత్ పొటెన్షియల్‌కూ ఇదే సమీకరణం, ద్రవ ప్రవాహంలో పీడనం లెక్కకూ ఇదే.

కంప్యూటర్‌కు పలక మొత్తం అక్కర్లేదు. దాని మీద సమాన దూరాల్లో గీతలు గీసి, గీతలు కలిసే చోట్ల మాత్రమే విలువలు వెతుకుతాం. భుజం పొడవు 1, గీతల మధ్య దూరం h అయితే ప్రతి లోపలి పాయింటు దగ్గరా ఒక సులువైన షరతు వస్తుంది. అక్కడి విలువ చుట్టూ ఉన్న నాలుగు పాయింట్ల సగటు కావాలి, దానికి h²f/4 కలవాలి. h = 1/100 తీసుకుంటే లోపల 99 × 99, అంటే 9801 పాయింట్లు వస్తాయి. అన్ని షరతులూ ఒకేసారి నెరవేరాలి. ఈ వ్యాసం పొడవునా ఇదే గ్రిడ్‌ని ఉదాహరణగా పట్టుకుందాం.

ఈ షరతే పద్ధతి కూడా చెప్పేస్తుంది. ఏదో ఒక ఊహతో, సున్నాలతో అయినా సరే, మొదలుపెట్టి, ఒక్కో పాయింటు దగ్గరికి వెళ్లి అక్కడి విలువను పొరుగు నలుగురి సగటుతో మార్చేస్తూ పోవడమే. కొత్త విలువ రాగానే దాన్నే తర్వాతి పాయింటు లెక్కలో వాడితే అది గాస్-సైడెల్ పద్ధతి. రౌండు మొత్తం పాత విలువలతోనే లెక్కేసి, చివర్లో ఒకేసారి మార్చితే జాకోబి పద్ధతి. రెండూ తప్పకుండా సమాధానానికి చేరతాయి. చిక్కు ఏమిటంటే, అవి చేరేసరికి మన ఓపిక అయిపోతుంది.

ఎంత నెమ్మదో అంకెల్లో చూద్దాం. జాకోబిలో అన్నిటికంటే మొండిగా ఉండే దోషం ప్రతి రౌండుకీ cos(πh) రెట్లు అవుతుంది. మన గ్రిడ్‌కి అది 0.999507. గాస్-సైడెల్‌లో దాని వర్గం, 0.999013. దోషం పదో వంతుకు తగ్గాలంటే జాకోబికి సుమారు 4665 రౌండ్లు, గాస్-సైడెల్‌కి 2333 రౌండ్లు కావాలి. ఆరు దశాంశ స్థానాలు కావాలంటే గాస్-సైడెల్‌లోనే 14,000 రౌండ్లు. ఒక్కో రౌండులో 9801 పాయింట్లు. గీతలను రెట్టింపు దగ్గరగా గీస్తే పాయింట్లు నాలుగు రెట్లు అవుతాయి, రౌండ్లూ నాలుగు రెట్లు అవుతాయి. మొత్తం పని పదహారు రెట్లు.

ఈ మొండి దోషం ఎలా ఉంటుందో తెలిస్తే మందు కూడా దొరుకుతుంది. అది sin(πx)·sin(πy) ఆకారంలో, అంచుల్లో సున్నాగా, మధ్యలో ఉబ్బెత్తుగా, పలకంతా పరుచుకున్న ఒకే ఒక్క గుట్ట. ఇంత నునుపైన గుట్ట మీద ఏ పాయింటు తీసుకున్నా దాని పొరుగు నలుగురూ దాదాపు అంతే తప్పుతో ఉంటారు. వాళ్ల సగటు తీసుకుంటే తప్పు కూడా దాదాపు అలాగే ఉండిపోతుంది. దీనికి భిన్నంగా పక్కపక్క పాయింట్లలో ఎగుడుదిగుడుగా ఉండే దోషాన్ని గాస్-సైడెల్ నాలుగైదు రౌండ్లలోనే చదును చేసేస్తుంది. కాబట్టి కాసేపటికి మిగిలేది నునుపైన గుట్టే. దాని మీద ప్రతి సవరణా సరైన దిశలోనే ఉంటుంది, కాకపోతే ప్రతిసారీ మరీ తక్కువగా ఉంటుంది.

దిశ సరైనదే, కొలత తక్కువ అయినప్పుడు కాస్త ఎక్కువగా సవరించడమే కదా తోచేది. ఓవర్ రిలాక్సేషన్ చేసేది అంతే. గాస్-సైడెల్ చెప్పిన కొత్త విలువకూ పాత విలువకూ ఉన్న తేడాని ఒమేగా (ω) అనే సంఖ్యతో గుణించి కలుపుతాం. ఒక పాయింటులో 0.40 ఉంది, చుట్టుపక్కల 0.5, 0.7, 0.6, 0.6 ఉన్నాయి, f సున్నా అనుకోండి. సగటు 0.60, తేడా 0.20. గాస్-సైడెల్ 0.60 దగ్గర ఆగుతుంది. ω = 1.5 అయితే 0.40 + 1.5 × 0.20, అంటే 0.70 దాకా వెళ్తాం. ఆ క్షణానికి ఆ పాయింటు తన షరతును తప్పినట్టే. కానీ పొరుగువాళ్లు కూడా తర్వాత పైకే రాబోతున్నారు కాబట్టి ముందే అక్కడికి వెళ్లి కూర్చుంటుంది.

```python
h = 1.0 / (N + 1)
w = 2.0 / (1.0 + math.sin(math.pi * h))
for i in range(1, N + 1):
    for j in range(1, N + 1):
        gs = 0.25 * (u[i-1, j] + u[i+1, j] + u[i, j-1]
                     + u[i, j+1] + h * h * f[i, j])
        u[i, j] += w * (gs - u[i, j])
```

ఇది ఒక రౌండు. w = 1 పెడితే ఇదే గాస్-సైడెల్. కంప్యూటర్లు రాకముందు చేత్తో లెక్కలు చేసినవాళ్లు కూడా ఇలా ఉజ్జాయింపుగా ఎక్కువ సవరించేవారు. ఎంత ఎక్కువ అనేది అనుభవం మీద ఆధారపడేది. 1950లో హార్వర్డ్‌లో డేవిడ్ యంగ్ తన పరిశోధనా గ్రంథంలో, అదే ఏడాది స్టాన్లీ ఫ్రాంకెల్ విడిగా, ఆ ‘ఎంత’ అనేదాన్ని లెక్కగా తేల్చారు. కోడ్‌లో రెండో వరుస అదే. అది ఎక్కడి నుంచి వచ్చిందో చాలామంది పట్టించుకోరు. నిజానికి అసలు మజా అక్కడే ఉంది, పైగా పెద్ద గణితం కూడా కాదు.

e అనే ఒక దోషం ఆకారం మారకుండా ప్రతి రౌండుకీ λ రెట్లు అవుతోందనుకోండి. రౌండులో (i, j) దగ్గరికి వచ్చేసరికి ఎడమ, కింది పొరుగు పాయింట్లు ఇప్పటికే మారిపోయి ఉంటాయి, అంటే వాటిలో దోషం λ రెట్లు అయి ఉంటుంది. కుడి, పై పాయింట్లు ఇంకా పాతవే. కాబట్టి

```
λ e(i,j) = (1−ω) e(i,j)
         + (ω/4) [ λ e(i−1,j) + λ e(i,j−1) + e(i+1,j) + e(i,j+1) ]
```

ఇద్దరికి λ ఉంది, ఇద్దరికి లేదు. ఈ అసమానతే లెక్కను చికాకు పెడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. e(i,j) స్థానంలో λ^((i+j)/2)·v(i,j) అని రాయండి. ఎడమ పాయింటుకు ఘాతంలో అర తగ్గుతుంది, ముందున్న λతో కలిసి √λ మిగులుతుంది. కుడి పాయింటుకు ఘాతంలో అర పెరుగుతుంది, అక్కడా √λయే వస్తుంది. నలుగురూ సమానమైపోయారు. మిగిలేది v యొక్క నాలుగు పొరుగు విలువల సగటు, అంటే జాకోబి చేసే పనే. జాకోబిలో ఆ ఆకారం రౌండుకు μ రెట్లు అయితే,

```
λ + ω − 1 = ω μ √λ
```

జాకోబి గురించి తెలిస్తే చాలు, ఏ ఒమేగాకైనా ఏం జరుగుతుందో ఈ ఒక్క వరుస చెప్పేస్తుంది. ω = 1 పెట్టి చూడండి, λ = μ² వస్తుంది. గాస్-సైడెల్ జాకోబి కంటే సరిగ్గా రెట్టింపు వేగం అనడానికి కారణం ఇదే.

ఇది √λలో వర్గ సమీకరణం. మూలాలు రెండు, వాటి లబ్ధం ω − 1. ఒమేగా చిన్నదిగా ఉన్నంతసేపూ మొండి దోషానికి (μ = 0.999507) ఆ రెండు మూలాలూ వాస్తవ సంఖ్యలే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మన రౌండ్ల సంఖ్యను శాసించేది పెద్దదే. ఒమేగాను పెంచుతూ పోతే పెద్దది తగ్గుతుంది, చిన్నది పెరుగుతుంది, ఒక చోట రెండూ కలిసిపోతాయి. అది దాటితే మూలాలు సంకీర్ణ సంఖ్యలవుతాయి. అప్పుడు రెండిటి పరిమాణమూ ఒకటే కాబట్టి |λ| సూటిగా ω − 1 అయిపోతుంది. అక్కడి నుంచి ఒమేగాను పెంచితే వేగం తగ్గడమే తప్ప పెరగడం లేదు. తలుపుకు బిగించే హైడ్రాలిక్ క్లోజర్ లాంటి వ్యవహారం ఇది. బిగువు ఎక్కువైతే తలుపు ఈడ్చుకుంటూ మూసుకుంటుంది, తక్కువైతే అటూఇటూ కొట్టుకుంటుంది, రెంటికీ మధ్య సరిహద్దు దగ్గర అన్నిటికంటే త్వరగా మూసుకుంటుంది.

ఆ సరిహద్దులో ω²μ² = 4(ω − 1). దీన్ని సాధిస్తే ω = 2 / (1 + √(1 − μ²)). μ = cos(πh) కాబట్టి వర్గమూలం కాస్తా sin(πh) అవుతుంది. కోడ్‌లోని వరుస ఇదే. మన గ్రిడ్‌కి ω = 1.93909. రౌండుకు దోషం 0.93909 రెట్లు. పదో వంతుకు తగ్గడానికి 37 రౌండ్లు.

2333 ఎక్కడ, 37 ఎక్కడ! సుమారు 64 రెట్ల తేడా, అదీ లూపులో ఒక గుణకారం అదనంగా చేర్చినందుకు. ఇంకా విలువైన సంగతి, ఈ తేడా గ్రిడ్‌తో పాటు పెరుగుతుంది. h = 1/200కి వెళ్తే గాస్-సైడెల్ రౌండ్లు నాలుగు రెట్లై 9,300 దాటుతాయి. ఓవర్ రిలాక్సేషన్‌కు రెట్టింపై 73 అవుతాయి. అయితే అప్పుడు ఒమేగా కూడా 1.969కి మారాలి. ఒక గ్రిడ్‌కు సరిపోయిన ఒమేగాను ఇంకో గ్రిడ్‌కు అలాగే వదిలేస్తే ఈ లాభంలో పెద్ద భాగం పోతుంది. ‘1.9 పెట్టాను, బాగానే ఉంది’ అనే కోడ్‌ల సంగతి ఇదే.

37ని కాస్త జాగ్రత్తగా చదవాలి. సరిహద్దు దగ్గర రెండు మూలాలు కలిసిపోతాయి కదా, అందువల్ల k రౌండ్ల తర్వాత దోషం కేవలం 0.939^k లాగా కాకుండా దాన్ని kతో గుణించినట్టు తగ్గుతుంది. మొదటి కొన్ని రౌండ్లలో దోషం తగ్గకపోగా పెరిగినట్టు కూడా కనబడవచ్చు. దాన్ని చూసి టెన్షన్ పడి ఒమేగాను తగ్గించేస్తే అసలుకే మోసం. ఆరు స్థానాలకు 37 × 6 లెక్కన 220 రౌండ్లు అనుకుంటే, వాస్తవంలో 300 దాకా పట్టవచ్చు. అయినా 14,000 ముందు అదెంత!

ఇప్పుడు ఒమేగా సరిగ్గా కుదరకపోతే ఏమవుతుందో చూద్దాం. ω = 1.5 చాలా ధైర్యమైన సవరణలా కనబడుతుంది. కానీ పై సమీకరణంలో పెట్టి చూస్తే పదో వంతుకు 776 రౌండ్లు. గాస్-సైడెల్ కంటే మూడు రెట్ల వేగం మాత్రమే. ω = 1.92కి 81 రౌండ్లు. అంతే దూరం అవతలి వైపు, అంటే 1.96 దగ్గర, 56 రౌండ్లు. సరైన విలువకు ఎడమ పక్కన వక్రరేఖ నిటారుగా పడిపోతుంది, కుడి పక్కన నిదానంగా, సరళరేఖలా ఎక్కుతుంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు కాస్త ఎక్కువ వైపు పొరబడటమే మేలు. అయితే 2ను తాకకూడదు. 2 దగ్గర |λ| = 1, దోషం ఇక తగ్గదు. దాటితే పెరిగిపోతుంది.

ఏ వైపు ఉన్నామో తెలుసుకోవడానికి గ్రాఫులు అక్కర్లేదు. పలక మధ్య పాయింటు విలువను ప్రతి రౌండుకీ ప్రింట్ చేసి చూడండి. అది ఒకే వైపు నుంచి, ఒకే నిష్పత్తితో మెల్లగా పాకుతూ వస్తుంటే ఒమేగా తక్కువగా ఉంది. అసలు విలువను దాటి వెనక్కి, మళ్లీ ముందుకు ఊగుతూ స్థిరపడుతుంటే ఒమేగా ఎక్కువైంది.

sin(πh) సూత్రం చదరపు పలకకు, అంచుల్లో విలువలు ఇచ్చినప్పుడు వర్తిస్తుంది. పలక L ఆకారంలో ఉంటేనో, పదార్థం చోటుకో రకంగా ఉంటేనో μ ముందుగా తెలియదు. అప్పుడు లెక్క నడుస్తుండగానే దాన్ని కొలవాలి. వరుస రౌండ్లలో విలువలు మొత్తం మీద ఎంత మారాయో తీసుకుని, ఈ రౌండు మార్పును గత రౌండు మార్పుతో భాగించండి. ఒమేగా సరైన విలువకు ఇవతలే ఉన్నంతసేపూ ఆ నిష్పత్తి చివరికి λ దగ్గర నిలబడుతుంది. దాన్ని μ = (λ + ω − 1)/(ω√λ)లో పెడితే చాలు. మన గ్రిడ్ మీద ω = 1.5తో నడిపితే నిష్పత్తి 0.997037 దగ్గర ఆగుతుంది. లెక్కేస్తే μ = 0.999507, దాని నుంచి ఒమేగా 1.939. సూత్రం ఇచ్చినదే.

ఇందులో తొందరపడితే దెబ్బ తింటాం. మొదటి రౌండ్లలో ఎగుడుదిగుడు దోషాలు ఇంకా పూర్తిగా పోవు, అవి వేగంగా తగ్గుతుంటాయి కాబట్టి నిష్పత్తి ఉండాల్సినదానికంటే తక్కువ కనబడుతుంది. గాస్-సైడెల్‌తో కొలుస్తూ 0.999013కి బదులు 0.99 దగ్గరే ఆపేశారనుకోండి. చూడ్డానికి ఒక శాతం లోపు తేడా. దాని నుంచి వచ్చే ఒమేగా 1.818, దాంతో పదో వంతుకు 228 రౌండ్లు. 37తో పోలిస్తే ఆరు రెట్లు. నిష్పత్తి మూడో, నాలుగో దశాంశంలో కదలడం మానేవరకూ ఆగాలి.

ఆపడం గురించే ఇంకో మాట. ‘మార్పు 0.000001 కంటే తగ్గితే ఆపు’ అని రాయడం అందరికీ అలవాటు. దోషం రౌండుకు 0.999013 రెట్లు అయ్యే చోట మిగిలిన దోషం చివరి మార్పుకు సుమారు వెయ్యి రెట్లు ఉంటుంది. అంటే గాస్-సైడెల్ ఆ షరతుతో ఆగినప్పుడు మీ దగ్గరున్నది మూడు స్థానాల సమాధానమే. సరైన ఒమేగాతో ఆ గుణకం 15 దగ్గర ఉంటుంది. ఒకే ఆగే షరతుతో రెండు పద్ధతులనూ పోల్చి, గాస్-సైడెల్ మరీ అంత వెనకబడలేదే అనుకునేవాళ్లు పడేది ఈ గోతిలోనే.

కోడ్‌లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు మాత్రం వేరే. పైథాన్‌లో రెండు లూపులు నెమ్మదిగా ఉన్నాయని, మొత్తం గ్రిడ్‌ని ఒకే అరే ఆపరేషన్‌తో మార్చేస్తారు. అప్పుడు పొరుగు విలువలన్నీ పాతవే, అంటే అది జాకోబి. జాకోబి మీద ఒమేగా పెడితే దోషం 1 − ω + ωμ రెట్లు అవుతుంది. μ ధన విలువలే కాదు, దాదాపు −1 దాకా కూడా ఉంటుంది. ω = 1.939 అయితే అక్కడ వచ్చేది −2.88. దోషం ప్రతి రౌండుకీ దాదాపు మూడు రెట్లై, గుర్తు మారుతూ, చదరంగం బల్లలా ఒక గడి ధనం, ఒక గడి రుణం అవుతూ పేలిపోతుంది. తెర మీద ఆ చదరంగం గడులు కనబడ్డాయంటే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు. విరుగుడు కూడా చదరంగం బల్లే. i + j సరి అయిన పాయింట్లన్నిటినీ ముందు ఒకేసారి మార్చి, ఆ కొత్త విలువలతో బేసి పాయింట్లన్నిటినీ మార్చండి. సరి పాయింటుకు పొరుగువాళ్లందరూ బేసి పాయింట్లే కాబట్టి ఒక రంగులోపల వరుస క్రమంతో పనిలేదు. λకు, ωకు మధ్య అదే సమీకరణం ఇక్కడా నిలుస్తుంది, సరైన ఒమేగా కూడా అదే.

ఇంత వేగం వచ్చాక కూడా రౌండ్ల సంఖ్య గ్రిడ్ గీతల సంఖ్యతో పాటు పెరుగుతూనే ఉంటుంది. కాంజుగేట్ గ్రేడియంట్ అనే మరో పద్ధతిలో కూడా రౌండ్ల సంఖ్య ఈ సమీకరణానికి ఇంచుమించు ఇదే స్థాయిలో పెరుగుతుంది, పైగా దానికి ఒమేగాను వెతికే బెడద లేదు. దగ్గరి గీతల గ్రిడ్‌నీ దూరపు గీతల గ్రిడ్‌లనూ కలిపి వాడే మల్టీగ్రిడ్‌లో అయితే రౌండ్ల సంఖ్య గ్రిడ్ సైజు మీద దాదాపు ఆధారపడదు. తమాషా ఏమిటంటే మల్టీగ్రిడ్ లోపల తిరిగేది కూడా పైన రాసిన ఆ లూపే, కానీ అక్కడ ఒమేగా 1.939 పెడితే పని చెడుతుంది. సరైన ఒమేగా దగ్గర అన్ని దోషాలూ, నునుపైనవీ ఎగుడుదిగుడువీ, ఒకే 0.939 రేటుతో తగ్గుతాయి. గాస్-సైడెల్ ఎగుడుదిగుడు దోషాలను రౌండుకు దాదాపు సగం చేసేసేది, ఆ బలాన్ని వదులుకునే మనం గుట్టను వేగంగా కరిగించాం. మల్టీగ్రిడ్‌లో గుట్ట బాధ్యతను దూరదూరంగా గీసిన గీతల గ్రిడ్ చూసుకుంటుంది, దగ్గరి గీతల మీద కావాల్సింది ఎగుడుదిగుడులను త్వరగా చదును చేయడమే. అందుకే అక్కడ ఒమేగాను 1 దగ్గరే ఉంచుతారు.